చేతిలో 82 లక్షలు, పుస్తకంలో లాభం 2.2 లక్షలు

ఒక బీమా సంస్థ జనవరి 1న కొత్తగా వ్యాపారం మొదలుపెట్టిందని అనుకుందాం. అది అమ్మేది ఒకే రకం పాలసీ: వాహనం వల్ల ఇతరులకు జరిగే నష్టానికి పరిహారం చెల్లించే, ఏడాది గడువున్న పాలసీ. నెలకు 100 చొప్పున ఏడాది పొడవునా 1,200 పాలసీలు అమ్మింది. ఒక్కో పాలసీకి ప్రీమియం 10,000. కరెన్సీ ఏదైనా లెక్క మారదు కాబట్టి అంకెలనే చూద్దాం. మొత్తం వసూలు 120 లక్షలు. ఏజెంట్లకు 15 శాతం కమీషన్ కింద 18 లక్షలు, కార్యాలయ ఖర్చుల కింద 6 లక్షలు, ఆ ఏడాదిలోనే తేలిపోయిన క్లెయిముల కింద 14 లక్షలు బయటికి వెళ్లాయి. పన్నులు, వడ్డీ, రీఇన్సూరెన్సు వంటివి పక్కన పెడితే, డిసెంబరు 31 నాటికి బ్యాంకులో 82 లక్షలు మిగిలాయి.

అదే రోజున సంస్థ తయారు చేసిన లాభనష్టాల పట్టికలో లాభం 2.2 లక్షలు మాత్రమే ఉంది. మధ్యలోని 79.8 లక్షలను ఎవరూ దాచలేదు, ఖర్చూ చేయలేదు. అవి ఆస్తి అప్పుల పట్టికలో అప్పుల వైపున రెండు పేర్లతో కూర్చున్నాయి: ఒకటి అనార్జిత ప్రీమియం, రెండోది క్లెయిముల రిజర్వు. మొదటిదాన్ని కొంత తగ్గించే అంశం ఒకటి ఆస్తుల వైపున ఉంది. దాని సంగతి తరువాత చూద్దాం. బీమా సంస్థ లాభం ఎంతో చెప్పడమంటే చాలావరకు ఈ రెండు అంకెలు ఎంతో చెప్పడమే.

ముందే ఒక మాట. మామూలు కంపెనీ పుస్తకాల్లో ‘రిజర్వు’ అంటే యజమానుల వాటాలో భాగమైన మిగులు. బీమాలో అదే మాటకు అర్థం దాదాపు తలకిందులు: అది ఇంకొకరికి చెల్లించవలసిన బాకీ. విడిగా మూట కట్టి పెట్టిన సొమ్మూ కాదు. సొమ్ము బాండ్లలోనో బ్యాంకులోనో ఆస్తుల వైపున ఉంటుంది. రిజర్వు అనేది ఆ సొమ్ములో ఎంత తనది కాదో చెప్పే అంకె. ఈ మాట దగ్గరే చాలామంది పాఠకులు దారి తప్పుతారు. రిజర్వులు పెరిగాయని చదివి సంస్థ బలపడిందని అనుకుంటారు. పెరిగినవి బాకీలు కూడా కావచ్చు.

ఇంకా గడవని రోజుల సొమ్ము

అక్టోబరు 1న మొదలైన ఒక్క పాలసీని తీసుకుందాం. డిసెంబరు 31తో అక్టోబరులో 31, నవంబరులో 30, డిసెంబరులో 31, వెరసి 92 రోజులు గడిచాయి. సంస్థ ఇంకా 273 రోజులు రక్షణ ఇవ్వాలి. 10,000 ప్రీమియంలో 92/365 వంతు, అంటే 2,520.55 మాత్రమే సంస్థ ఇప్పటికి ఆర్జించినది. మిగిలిన 7,479.45 ఇంకా చేయని పనికి ముందుగా పుచ్చుకున్న సొమ్ము. పాలసీదారు రేపు పాలసీ రద్దు చేసుకుంటే అందులో కొంత భాగాన్ని తిరిగి ఇవ్వవలసి రావచ్చు. రద్దు చేసుకోకపోతే ఆ 273 రోజుల్లో జరిగే ప్రమాదాలకు ఆ సొమ్ములోంచే చెల్లించాలి. ఏ విధంగా చూసినా అది ఇవాళ్టి ఆదాయం కాదు. ప్రతి పాలసీకీ ఇలా రోజుల లెక్కన విడగొట్టడాన్ని 365వ వంతుల పద్ధతి అంటారు.

కంప్యూటర్లు లేని కాలంలో లక్షల పాలసీలకు రోజుల లెక్క వేయడం సాధ్యం కాదు కాబట్టి 24వ వంతుల పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఒక నెలలో అమ్మిన పాలసీలన్నీ సగటున ఆ నెల మధ్యలో మొదలయ్యాయని అనుకుంటే, జనవరి పాలసీల్లో ఏడాది చివరికి 24లో 1 వంతు మిగులుతుంది, ఫిబ్రవరివాటిలో 3 వంతులు, మార్చివాటిలో 5 వంతులు, అలా డిసెంబరువాటిలో 23 వంతులు. మన సంస్థకు నెలకు 10 లక్షల ప్రీమియం. 1 నుంచి 23 వరకు బేసి సంఖ్యల మొత్తం 144; దాన్ని 24తో భాగిస్తే 6; 10 లక్షలతో హెచ్చిస్తే 60 లక్షలు. వసూలైన 120 లక్షల్లో సరిగ్గా సగం అనార్జితం. అమ్మకాలు ఏడాది పొడవునా సమానంగా ఉంటే ఎప్పుడూ సగమే వస్తుంది. అందుకే కొన్నిచోట్ల లెక్కతో పని లేకుండా సగం పక్కన పెట్టేసే అలవాటు కూడా ఉండేది.

ఆ అలవాటులోని లోపం ఎక్కడ బయటపడుతుందంటే, అమ్మకాలు సమానంగా లేనప్పుడు. ఈ 1,200 పాలసీలూ డిసెంబరులోనే అమ్ముడై ఉంటే నిజంగా గడిచింది సగటున అర నెల. అనార్జితం 24లో 23 వంతులు, అంటే 115 లక్షలు ఉండాలి. సగం లెక్క వేసినవాడు 60 లక్షలే పక్కన పెట్టి, 55 లక్షలను ముందుగానే ఆదాయంలో కలిపేసుకుంటాడు. ఏడాది చివరి రెండు మూడు నెలల్లో వ్యాపారం గుట్టగా పోసే సంస్థ పుస్తకాల్లో అనార్జిత ప్రీమియం మొత్తం వసూలులో సగం దగ్గరే ఉంటే, ఆ అంకె ఎలా వచ్చిందని అడగవలసిందే.

రోజుల లెక్క కూడా అన్నిచోట్లా సరిపోదు. కాలం గడవడం వేరు, ప్రమాదం గడవడం వేరు. కొత్త యంత్రానికి తయారీదారు రెండేళ్ల హామీ ఇచ్చి, మూడో ఏడాది నుంచి బీమా సంస్థ హామీ మొదలైతే, మొదటి రెండేళ్లలో బీమా సంస్థ భరించిన ప్రమాదం దాదాపు శూన్యం. ఆ రెండేళ్లలో ప్రీమియంలో పైసా కూడా ఆర్జించినట్టు కాదు. తుఫాను బీమాలో ఏడాది ప్రమాదమంతా కొన్ని నెలల్లోనే కేంద్రీకృతమై ఉంటుంది. అలాంటి పాలసీలకు ప్రీమియాన్ని రోజుల ప్రకారం కాక, ప్రమాదం పరుచుకున్న తీరు ప్రకారం ఆదాయంలోకి తీసుకోవాలి. మన వాహన పాలసీలకు మాత్రం రోజుల లెక్క చాలు.

ఇప్పుడు కమీషన్ సంగతి. 18 లక్షలూ పాలసీ అమ్మిన రోజునే పోయాయి. కానీ ఆ పాలసీ ప్రీమియంలో సగాన్ని వచ్చే ఏడాదికి జరిపినప్పుడు, దాన్ని తెచ్చిపెట్టిన కమీషన్‌లో సగాన్ని కూడా జరపడం న్యాయం. అలా 9 లక్షలను వాయిదా వేసి ఆస్తుల వైపున చూపుతారు. దీన్నే వాయిదా వేసిన సేకరణ ఖర్చు అంటారు. ఇందాక తరువాత చూద్దామన్న అంశం ఇదే. అన్ని నియమావళులూ దీన్ని ఒప్పుకోవు. అమెరికాలో నియంత్రణ సంస్థలకు సమర్పించే లెక్కల్లో సేకరణ ఖర్చును మొదటి రోజే పూర్తిగా రాసేయాలి; అక్కడే మదుపరులకు చూపే లెక్కల్లో వాయిదా వేయవచ్చు. మన సంస్థ మొదటి దారిలో నడిచి ఉంటే, క్లెయిములు ప్రీమియంలో 70 శాతం అనే అంచనా మీద, మొదటి ఏడాది 60 లక్షల ఆదాయానికి 42 లక్షల క్లెయిములు, 18 లక్షల కమీషన్, 6 లక్షల ఖర్చులు పోను 6 లక్షల నష్టం చూపేది. రెండో ఏడాది కొత్త పాలసీ ఒక్కటీ అమ్మకపోయినా, మిగిలిన 60 లక్షలు ఆదాయంలోకి వచ్చి, 42 లక్షల క్లెయిములు, 6 లక్షల ఖర్చులు పోను 12 లక్షల లాభం చూపేది. కమీషన్ వాయిదా వేస్తే రెండేళ్లలోనూ మూడేసి లక్షలు. మొత్తం ఎలా చూసినా 6 లక్షలే. నియమావళి మారితే మారేది ఆ 6 లక్షలు కనబడే సమయం మాత్రమే. వేగంగా పెరుగుతున్న సంస్థ మొదటి రకం లెక్కల్లో ఏటా నష్టంలో కనబడుతుంది. పెరగడం ఆపేసిన ఏడాది ఉన్నట్టుండి లాభాల్లోకి వచ్చినట్టు కనబడుతుంది. రెండింటికీ దాని పనితనంతో సంబంధం లేకపోవచ్చు.

లాభం ఆగుతుంది, నష్టం ఆగదు

అనార్జిత ప్రీమియం 60 లక్షలు వచ్చే ఏడాది బరువును మోయగలవా అని డిసెంబరు 31నే పరీక్షించాలి. పాలసీల్లో సగటున మిగిలిన ఆరు నెలల రక్షణకు 42 లక్షల క్లెయిములు, 6 లక్షల ఖర్చులు, వాయిదా వేసిన 9 లక్షల కమీషన్, వెరసి 57 లక్షలు. 60 లక్షలు సరిపోతాయి. మిగిలే 3 లక్షలు వచ్చే ఏడాది వరకు ఆగాలి. అదే, విడిభాగాల ధరలు పెరిగో, కోర్టులు ఇచ్చే పరిహారాలు పెరిగో క్లెయిములు 70 శాతానికి బదులు 80 శాతానికి చేరతాయని తేలితే, 48కి 6, 9 కలిపి 63 లక్షలు అవుతాయి. 3 లక్షలు తక్కువ. ఈ లోటును వచ్చే ఏడాది రానిద్దామని ఆగడానికి వీల్లేదు. ఈ ఏడాది నష్టంగానే రాయాలి. ముందు వాయిదా కమీషన్‌ను తగ్గిస్తారు. అదీ చాలకపోతే గడవని ప్రమాదాల రిజర్వు అనే అదనపు బాకీని సృష్టిస్తారు.

80 శాతం రెండేళ్లకూ వర్తిస్తే మొదటి ఏడాదిలోనే ఆ ఏడాది నష్టం 3 లక్షలు, రాబోయే ఏడాది నష్టం 3 లక్షలు కలిసి 6 లక్షలు కనబడతాయి. రెండో ఏడాది సున్నా. అంటే మంచి వార్త రెండు ముక్కలుగా రెండేళ్లలో వస్తుంది, చెడ్డ వార్త ఒక్క ముక్కగా మొదటి ఏడాదే వస్తుంది. బీమా లాభం నెమ్మదిగా వస్తుందనే మాటకు అసలు రూపం ఈ అసమానతే. 2023 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 17 పేర్లు మార్చింది గానీ ఈ స్వభావాన్ని మార్చలేదు. దీర్ఘకాల పాలసీల్లో ఆశించిన లాభాన్ని ‘కాంట్రాక్చువల్ సర్వీస్ మార్జిన్’ పేరుతో బాకీల వైపున ఉంచి, సేవ అందించిన కొద్దీ విడుదల చేయమంటుంది. నష్టం వచ్చే పాలసీల గుంపు కనబడితే ఆ నష్టాన్ని వెంటనే రాయమంటుంది. ఏడాది లేదా అంతకన్నా తక్కువ గడువున్న పాలసీలకు, మనం ఇక్కడ చూసిన అనార్జిత ప్రీమియం తరహా సులభ పద్ధతిని అనుమతిస్తుంది.

జరిగిపోయింది గానీ ఎవరూ చెప్పలేదు

ఇప్పటివరకు క్లెయిములు 42 లక్షలని ధీమాగా అంటూ వచ్చాం. ఆ అంకె ఎక్కడిది? డిసెంబరు 31 నాటికి చెల్లించింది 14 లక్షలు. సంస్థకు తెలిసిన, ఇంకా తేలని ఫైళ్ల మీద క్లెయిముల అధికారులు ఒక్కో ఫైలుకు వేసిన అంచనాల మొత్తం 12 లక్షలు. రెండూ కలిపి 26. మిగతాది డిసెంబరు 31 లోపు జరిగిపోయిన ప్రమాదాలకు సంబంధించినదే, కానీ సంస్థకు ఇంకా కబురు అందలేదు. లేదా కబురు అందినా ఫైలు మీద వేసిన అంచనా తక్కువగా ఉంది. దీన్ని వృత్తిలోనివారు ఐబీఎన్‌ఆర్ అంటారు: జరిగింది, తెలియలేదు.

ఒక ఫైలును దగ్గరగా చూస్తే ఈ ఆలస్యం ఎలా పుడుతుందో తెలుస్తుంది. నవంబరు 20న ఒక కారు పాదచారిని తాకింది. చిన్న గాయమే అనుకుని ఇద్దరూ ఇళ్లకు వెళ్లారు. మోకాలి నొప్పి తగ్గక జనవరి చివరిలో స్కానింగు తీయించుకుంటే స్నాయువు తెగిందని తేలింది. ఫిబ్రవరిలో బీమా సంస్థకు ఫిర్యాదు వచ్చింది. అధికారి మొదట 50,000 అంచనా వేశారు. రెండో శస్త్రచికిత్స తరువాత దాన్ని 2 లక్షలకు పెంచారు. పరిహారం మీద ఒప్పందం కుదరక వ్యవహారం కోర్టుకు వెళ్లింది. ఈ ప్రమాదం మొదటి ఏడాదిదే, ఆ ఏడాది ప్రీమియమే దీన్ని భరించాలి. కానీ మొదటి ఏడాది పుస్తకాలు ముగించిన రోజున దీనికి ఫైలు నంబరు లేదు, పేరు లేదు. ఐబీఎన్‌ఆర్ అనే ఒక్క అంకెలో ఊహగా మాత్రమే ఉంది.

ఆ ఊహను వేసేవారు యాక్చువరీలు. పాత అనుభవం ఉంటే వాళ్లు ఒక త్రికోణం గీస్తారు: ప్రమాదం జరిగిన ఒక్కో ఏడాదికి ఒక్కో అడ్డు వరుస, ఆ తరువాత గడిచిన ఒక్కో ఏడాదికి ఒక్కో నిలువు వరుస, గడుల్లో అప్పటికి తెలిసిన మొత్తం. ఇలాంటి వ్యాపారంలో మొదటి ఏడాది చివరికి అంతిమ మొత్తంలో సగటున 60 శాతం బయటపడుతుందని పాత త్రికోణాలు చెబితే, 26ను 0.6తో భాగించి 43.3 లక్షలు అంటారు. ఇది చైన్ ల్యాడర్ పద్ధతి. మన సంస్థ కొత్తది కాబట్టి ఆ 60 శాతం కూడా అదే రకం వ్యాపారం చేస్తున్న ఇతరుల అనుభవం నుంచి అరువు తెచ్చుకున్నదే. ఏ అనుభవాన్నీ నమ్మకుండా, ధర నిర్ణయించినప్పుడు అనుకున్న 70 శాతాన్నే పట్టుకుంటే 42 లక్షలు. ఈ రెంటికీ మధ్య దారి 1972లో బోర్న్‌హ్యూటర్, ఫెర్గూసన్ అనే ఇద్దరు యాక్చువరీలు ప్రతిపాదించినది: తెలిసిన 26ను ఉన్నదున్నట్టు తీసుకుని, తెలియని 40 శాతానికి మాత్రం ముందు అనుకున్న 42 మీద లెక్క వేయడం. 42లో 40 శాతం 16.8; మొత్తం 42.8 లక్షలు.

మూడు పద్ధతులు, మూడు జవాబులు. వీటి మధ్య తేడా చిన్నదిగా కనబడుతుంది గానీ, డిసెంబరు ఆఖరి వారంలో 3 లక్షల పెద్ద క్లెయిము ఒకటి వచ్చిందనుకోండి. తెలిసినది 29 అవుతుంది. చైన్ ల్యాడర్ 48.3 అంటుంది, ఎందుకంటే ఆ ఒక్క క్లెయిమునూ 1.67 రెట్లు చేసి, దాని వెనుక మరికొన్ని వస్తాయని ఊహిస్తుంది. మధ్య దారి 45.8 అంటుంది, వచ్చిన 3నే కలుపుతుంది. చైన్ ల్యాడర్ ఆ ఏడాదిని 3.3 లక్షల నష్టంలోకి నెట్టేస్తుంది. మధ్య దారిలో నష్టం 0.8 లక్షలే. కొత్త సంస్థకు, తొలి ఏళ్లకు మధ్య దారి మేలని నా అభిప్రాయం. గణాంకాలు పలుచగా ఉన్నచోట తాజా అంకెను గుణించే పద్ధతి, తొందరపాటు మనిషిలా, ప్రతి వార్తకూ ఉలిక్కిపడుతుంది. మన సంస్థకు ఆ పెద్ద క్లెయిము రాలేదు, యాక్చువరీ 42.8ని ఖాయం చేశారు.

ఇప్పుడు మొదటి లెక్క కలుస్తుంది. 42.8లో చెల్లించిన 14 పోను క్లెయిముల రిజర్వు 28.8 లక్షలు. అనార్జిత ప్రీమియం 60 లక్షలు. రెండూ కలిపి 88.8, అందులోంచి వాయిదా వేసిన కమీషన్ 9 తీసేస్తే 79.8. బ్యాంకులోని 82లో అది పోను మిగిలింది 2.2 లక్షలు. లాభనష్టాల వైపు నుంచి చూసినా అంతే: 60 ఆదాయం, 42.8 క్లెయిములు, 9 కమీషన్, 6 ఖర్చులు. గమనించవలసింది ఏమిటంటే, 28.8 లక్షల రిజర్వు అంచనా 8 శాతం తప్పితే, అంటే 2.3 లక్షలు అటూ ఇటూ అయితే, ఈ లాభం మొత్తం మాయమవుతుంది లేదా రెట్టింపవుతుంది. అంచనాకూ లాభానికీ ఇంత దగ్గర చుట్టరికం ఉన్న వ్యాపారంలో లెక్కల నియమాలు లాభాన్ని తొందరగా ఒప్పుకోకపోవడంలో వింత లేదు.

తప్పు ఎక్కడ దూరుతుంది

యాజమాన్యానికి ఈ ఏడాది లాభం కొంచెం ఎక్కువ చూపాలని ఉంటే, ప్రీమియాన్ని ముట్టుకోవలసిన పని లేదు, నగదును ముట్టుకోవలసిన పని లేదు. అంతిమ క్లెయిములు 70 శాతం కాదు, 67 శాతమని నమ్మితే చాలు. కోరికతో నమ్మినా, నిజాయితీగా నమ్మినా ఆ ఏడాది ఎవరూ కాదనలేరు. తప్పు బయటపడడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఈ లోపు వ్యాపారం పెరుగుతూ ఉంటే, కొత్త ప్రీమియంల నగదు పాత క్లెయిములను చెల్లిస్తూ ఉంటుంది కాబట్టి బ్యాంకు ఖాతా ఎప్పుడూ నిండుగానే కనబడుతుంది. తక్కువ రిజర్వు పెట్టినవాడికి తన ధర సరిపోతోందనే భ్రమ కలుగుతుంది. ఆ భ్రమతో ధర ఇంకా తగ్గిస్తాడు, వ్యాపారం ఇంకా పెరుగుతుంది, లోటూ పెరుగుతుంది. ఆస్ట్రేలియాలో పెద్ద బీమా సంస్థల్లో ఒకటైన హెచ్‌ఐహెచ్ 2001 మార్చిలో కుప్పకూలింది. లోటు 360 కోట్ల నుంచి 530 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల వరకు ఉండవచ్చని అంచనా వేశారు. విచారణ జరిపిన రాయల్ కమిషన్ 2003లో ఇచ్చిన నివేదికలో ప్రధాన కారణంగా చెప్పింది, భవిష్యత్తు క్లెయిములకు తగినంత కేటాయించకపోవడమే.

మోసం లేకుండా కూడా త్రికోణం తప్పుతుంది. క్లెయిముల విభాగానికి కొత్త అధిపతి వచ్చి, ఫైలు తెరిచిన వెంటనే పూర్తి అంచనా వేయమని ఆదేశించారనుకుందాం. మొదటి ఏడాది చివరికి బయటపడేది 60 శాతం కాదు, 70 శాతం అవుతుంది. పాత 60తోనే భాగిస్తే అంచనా అనవసరంగా ఉబ్బుతుంది. దీనికి వ్యతిరేకంగా, ఫైళ్ల మీద అంచనాలు తగ్గించి రాయమని మాట వెళితే అంతిమ అంకె కూడా అణిగిపోతుంది. పట్టుకునే మార్గం ఒకటుంది: అంచనాలు కలిపిన త్రికోణంతో పాటు, కేవలం చెల్లింపుల త్రికోణాన్ని కూడా వేసి చూడటం. రెండూ దాదాపు ఒకే అంతిమ మొత్తాన్ని చూపాలి. చెల్లింపుల త్రికోణం ఎక్కువ చూపుతూ, అంచనాల త్రికోణం తక్కువ చూపుతూ ఉంటే, తెరిచి ఉన్న ఒక్కో ఫైలుపై సగటు అంచనా ఏటా తగ్గుతూ, మూసిన ఒక్కో ఫైలుకు చెల్లించిన సగటు ఏటా పెరుగుతూ ఉంటే, ఫైళ్లలో ఏదో మారింది. చెల్లింపులనే వేగవంతం చేసినా చెల్లింపుల త్రికోణం మోసపోతుంది కాబట్టి, ఒక్కదాన్ని పట్టుకుని తీర్పు చెప్పకూడదు.

బయటివారికి ఇన్ని వివరాలు అందవు. వారికి అందేది చాలా సంస్థలు వార్షిక నివేదికలో ఇచ్చే క్లెయిముల పరిణామ పట్టిక. ఒక్కో ఏడాది ప్రమాదాలకు మొదట ఎంత అంచనా వేశారు, తరువాతి ఒక్కో ఏడాది చివర దాన్ని ఎంతగా సవరించారు అనేది అందులో వరుసగా ఉంటుంది. వరుసలన్నీ కుడివైపుకు వెళ్లేకొద్దీ పెరుగుతూ ఉంటే సంస్థ మొదట తక్కువ పెట్టే అలవాటున్నది. కొద్దికొద్దిగా తగ్గుతూ ఉంటే జాగ్రత్తపరురాలు; కానీ ఆ తగ్గుదలే ఏటా లాభంలో పెద్ద భాగమైతే, అది ఈ ఏటి వ్యాపారం లాభం కాదు, పాత జాగ్రత్త కరుగుతున్న శబ్దం.

మన సంస్థ మొదటి ఏడాది వరుస ఇలా నడిచింది. మొదటి ఏడాది చివర 42.8. రెండో ఏడాది చివర 43.5, ఫిబ్రవరిలో వచ్చిన ఆ మోకాలి ఫైలు లాంటివి అనుకున్నదానికన్నా కొంచెం బరువుగా తేలాయి, కాబట్టి రెండో ఏడాది లాభంలోంచి 0.7 కోత పడింది. మూడో ఏడాది చాలా ఫైళ్లు అంచనా కన్నా తక్కువకు ముగిసి 41.5కు దిగింది, 2 లక్షలు మూడో ఏడాది లాభంలో కలిశాయి, వాటిని పుట్టించిన పాలసీలు అప్పటికి ముగిసి ఏడాది దాటినా. నాలుగో ఏడాది 41.0, ఇంకో 0.5. ఆ ఏడాది చివరికి తెరిచి ఉన్నది పాదచారి ఫైలు ఒక్కటే. దాని మీద అంచనా అప్పటికి 2.4 లక్షలు. ఐదో ఏడాది కోర్టు 2.6 లక్షలు ఇవ్వమంది. సంస్థ చెక్కు రాసింది, 0.2 నష్టం నమోదు చేసింది, ఫైలు మూసింది. మొదటి ఏడాది క్లెయిములు 41.2 లక్షలుగా తేలాయి. ఆ ఏడాది ఆర్జించిన ప్రీమియం మీద లాభం 3.8 లక్షలని అప్పుడు గానీ తెలియలేదు.